తూర్పు గది గోడ

నేను అల్లూరులో ఆడపిల్లల బడిలో తెలుగు టీచరుగా ఉన్న రోజుల్లో మేమొక పొడుగాటి పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. దానికి మూడు భాగాలు. పడమటి భాగంలో మా అమ్మా నేనూ. నడిమి భాగంలో ఒక దర్జీ, ఆయన భార్య. తూర్పు చివర ఒంటిగది. దానికెప్పుడూ తాళమే. ఇంటి యజమానికి నెల్లూరులో బియ్యం వ్యాపారం. ఆయన్ని మేమెవరమూ చూసి ఎరగం. నెలకోసారి గుమాస్తా వచ్చి అద్దె తీసుకుని పోయేవాడు. తూర్పు గది సంగతి ఆయనా ఎత్తేవాడు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు.

దర్జీని నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను అక్కా అని. వాళ్లు ముస్లింలు. ఇంట్లో వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకున్నా, మాతో మాట్లాడేది మా తెలుగే. పిల్లలు లేరు. ఆయన బజారులో ఒక కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం లాంటి చేతిపని ఆమె ఇంటి దగ్గర చేసేది. మా అమ్మకు కీళ్లనొప్పులు ముదిరి మంచం దిగలేని స్థితి వచ్చాక, నేను బడికి పోయినంతసేపూ ఆమెను కనిపెట్టుకుని ఉన్నది అక్కే.

ఆ చప్పుడు గురించి మొదట చెప్పింది కూడా ఆమే. మధ్యాహ్నం పొద్దు వాలి సముద్రం వైపునుంచి గాలి మళ్లగానే తూర్పు గదిలో ఏదో తిరుగుతున్నట్టు వినిపిస్తుందట. కాసేపు తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతుందట. నేను నవ్వి ఊరుకున్నాను. వేసవి సెలవుల్లో ఒకరోజు రవిక కొలతకని వాళ్లింటికి వెళ్లినప్పుడు నాకూ వినపడింది. రాతి మీద రాయి ఒరుసుకుంటున్నట్టు, నిదానంగా, బరువుగా. టేపు పట్టుకున్న ఆమె చెయ్యి నా భుజం మీద అలాగే ఆగిపోయింది. ఆమె ముఖంలో భయం లేదు. పక్కింట్లో ఎవరో పని చేసుకుంటుంటే వినే మనిషిలా ఉంది. అది ఆగాక నెమ్మదిగా కొలత తీసుకుంది. నాకు మాత్రం ఇంటికొచ్చి మంచినీళ్లు తాగితే గానీ గుండె కుదుటపడలేదు. ఆ రోజునుంచి సముద్రపు గాలి మళ్లిందంటే, చేస్తున్న పని ఆపి చెవి అటు పెట్టడం నాకు అలవాటైపోయింది. ఒకసారి మా అమ్మ మంచంలోంచి అడిగింది, ఆ పప్పులు విసిరేదెవరే అని. అంతవరకూ నేను ఆమెకా మాట చెప్పలేదు.

అయితే వాళ్లకు అసలు కష్టం చప్పుడుతో కాదు, గోడతో. తూర్పు గదికీ వాళ్ల వంటింటికీ నడుమ ఒకటే గోడ. మట్టితో కట్టిన ఇటుక గోడ. గదిలోపల పెంకులు జారినచోట వాన దిగి, గోడ ఆ వైపునుంచి నానుతూ వచ్చింది. ఇటుకల మీద ఉప్పు పొంగి పొడిపొడిగా రాలేది. కిందటి వానలకు పైనుంచి కింది దాకా బీట వారింది. వేసవి గడిచేసరికి ఆ బీట చెయ్యి దూరేటంత అయింది. గోడ నడుము పొయ్యి వైపు ఉబ్బింది. అక్క ఒక కన్ను గోడ మీదా ఒక కన్ను పొయ్యి మీదా పెట్టి వండుకునేది. గుమాస్తాకు వచ్చినప్పుడల్లా చూపించారు. చప్పుడు సంగతి కూడా అక్క ఒకసారి చెప్పింది. ఆయన తల పంకించి పోయేవాడు. చివరికోసారి, నోటిమాటలతో అయ్యేది కాదు, ఏదున్నా కాగితం మీద రాసి అయ్యకు పంపించుకోండి అన్నాడట.

ఆ ఆదివారం దర్జీ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. చిన్నప్పుడు నాలుగేళ్లు తెలుగు బడికి పోయినవాడు. పెన్సిలుతో కాగితానికి రెండు వైపులా నిండా రాశాడు. తప్పులు దిద్దివ్వమనీ, పెద్ద మనిషికి పోయే ఉత్తరం గనుక చదివినవాళ్లు నవ్వకుండా ఉండాలనీ అడిగాడు.

నేను ఎర్ర సిరా పక్కన పెట్టేశాను. అది పిల్లల పుస్తకాలకు. మామూలు కలంతోనే కూర్చున్నాను. దయకు ధ రాశాడు. బాధ్యత అన్న మాట భాద్యత అయింది, మరమ్మతు మరమత్తు అయింది. విజ్ఞప్తి అన్నచోట ఏం రాయాలో తోచక మూడుసార్లు కొట్టేసి ఉంది. ఎక్కడా వాక్యం ఆగలేదు. గోడ అని మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే గుమాస్తా వచ్చి, ఆయన వెళ్లకుండానే వాన వచ్చి, చివరికి ఏది ఎవరు చేశారో తెలియకుండా పోయింది. ఇవన్నీ దిద్దడం కష్టం కాదు. ఎక్కడికక్కడ చుక్క పెట్టి, ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతే ఉండేట్టు విడగొట్టాను.

కష్టమైంది మాటల తీరుతో. మొదటి సగంలో ఆయన యజమాని కాళ్లు పట్టుకున్నాడు. మేము మీ బిడ్డల వంటివాళ్లం, మీ నీడన బతుకుతున్నాం అని రాశాడు. రెండో సగానికి వచ్చేసరికి కోపం ఎక్కింది. మీరు మనిషేనా అని ఒకచోట, లాయరు చేత నోటీసు ఇప్పిస్తాం అని ఇంకొకచోట. రెండూ తీసేద్దామన్నాను. కాళ్లు పట్టుకుంటే దయ తలిచినప్పుడు చేస్తాలే అనుకుంటాడు. తిడితే, కోపం మీద కోపం తెచ్చుకుని గోడను మర్చిపోతాడు. లాయరు దగ్గరికి నిజంగా పోతావా అన్నా అని అడిగితే ఆయన నేల చూశాడు. పోనప్పుడు ఆ మాట ఎందుకు? అద్దె ఇళ్ల చట్టమేదో వచ్చిందని పేపరులో చూశాను గానీ, అది మా ఊరికి వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. తెలియనిది రాయనన్నాను. గోడ ఎలా ఉందో, ఎప్పటినుంచి ఉందో, ఎవరికి చెప్పామో, ఏం చెయ్యమంటున్నామో, ఎప్పటిలోగానో, అంతవరకే చాలు.

అన్నింటికీ ఒప్పుకున్నాడు. కాగితం అడుగున మిగిలింది ఒక్క సంగతే. భార్య చెప్తే రాశానన్నాడు. తూర్పు గదిలో ఎవరో ఉన్నారు, మధ్యాహ్నాలు విసురుతున్నారు, తమరు వచ్చి వారికి ఏదైనా శాంతి చెయ్యాలి అని రాసి ఉంది. నేను దాని మీద గీత గీశాను. అక్క అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని కాజాలు తీస్తోంది. సూది ఆపింది.

"అన్నీ రాసి అసలుది తీసేస్తే ఎట్టా టీచరమ్మా?"

గోడ కళ్లకు కనబడేది, ఎవరొచ్చినా చూపించగలం, చప్పుడు అలా కాదు అన్నాను. ఈ వాక్యం ఉంటే ఆయన ముందు దీన్నే చదువుతాడు, దయ్యాల మాటలు రాసేవాళ్ల గోడ మాట కూడా నమ్మడు అన్నాను. ఆమె నాతో వాదించలేదు. ఆ లోపలి మనిషికి ఎవరూ లేరేమో, చెప్పేవాళ్లం మనమే గదా అని మాత్రం అంది. మళ్లీ సూది పట్టుకుంది. నేను కొట్టేసింది కొట్టేసినట్టే ఉంచాను.

కార్బను పెట్టి తెల్ల కాగితం మీద శుభ్రంగా రాసిచ్చాను. నకలు వాళ్ల దగ్గర ఉంచుకోమన్నాను. ఇంచుమించు ఇలా ఉండింది అది.

"అయ్యా, తమ ఇంటి నడిమి భాగంలో మేము చాలా ఏళ్లుగా కాపురముంటున్నాము. మా వంటగదికి, తాళం వేసియున్న తూర్పు గదికి మధ్యనున్న గోడ కిందటి వానలలో బీటవారినది. ఇప్పుడు ఆ బీటలో చెయ్యి దూరుచున్నది. గోడ మా పొయ్యి వైపు ఉబ్బియున్నది. తూర్పు గది పైకప్పు పెంకులు జారినందున వాననీరు గోడలోనికి దిగుచున్నదని మా అభిప్రాయము. తాళపుచెవి తమ వద్ద ఉన్నందున మేముగా బాగుచేసుకొనుటకు వీలులేదు. ఈ సంగతి తమ గుమాస్తా గారికి పలుమారులు తెలిపియున్నాము. రానున్న వానలకు ముందే తమరు గాని, తమ మనుషులు గాని వచ్చి చూచి, పైకప్పును, గోడను మరమ్మతు చేయించవలసినదిగా కోరుచున్నాము. ఈలోగా గోడ పడి ఏదైనా జరిగినచో అందుకు బాధ్యత మాది కాదని మర్యాదపూర్వకముగా మనవి చేయుచున్నాము."

దర్జీ రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. చివరి వాక్యం దగ్గర వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. సంతకం తెలుగులో పెట్టి, దాని కింద ఉర్దూలో కూడా పెట్టాడు. సోమవారం రిజిస్టరు చేశాడు. కొన్నాళ్లకు అందినట్టు యజమాని సంతకంతో రసీదు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. గుమాస్తా కూడా ఆ నెల ముఖం చాటేశాడు.

వినాయక చవితి దాటిన తర్వాత ఒక శనివారం, ఒంటిపూట బడి నుంచి వస్తుంటే మా ఇంటి ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు, చొక్కా జేబులో మడిచిన కాగితం. నెల్లూరు బస్సు దిగి నడిచి వచ్చినట్టు కాళ్లనిండా దుమ్ము. తలుపు తట్టకుండా తూర్పు గది తాళం వైపు చూస్తున్నాడు. ఎవరు కావాలని అడిగితే తానే ఇంటి యజమానినన్నాడు. నేను లోపలికెళ్లి అక్కను పిలిచాను. ఆమె బజారుకు మనిషిని పంపి భర్తను రప్పించింది.

ఆయన ముందు గోడ చూశాడు. బీటలో చెయ్యి పెట్టాడు, తీశాడు. అరచేతికి అంటిన ఉప్పుపొడిని పంచెకు తుడుచుకున్నాడు. ఇంత అయిందని తనకు తెలియదనీ, మేస్త్రీని మాట్లాడే పోతాననీ అన్నాడు. దర్జీ మనసు కుదుటపడి కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చోలేదు. జేబులోంచి ఉత్తరం తీసి, ఇది రాసిందెవరని అడిగాడు. దర్జీ నన్ను చూపించాడు.

"బాగా రాసినావమ్మా. ఒక్క మాట ఎక్కువ లేదు" అన్నాడు. కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. "ఆ సప్పుడు సంగతి మా గుమాస్తా ఎప్పుడో చెప్పినాడు. గోడ మాట చెప్పలేదు, అది చెప్పినాడు. విన్నప్పటినించీ ఇటు రావాలంటే కాళ్లాడలేదు. ఇప్పుడీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఎన్నిసార్లు చదివినా లేదు. ఆగిపోయిందేమోనని భయమేసి వచ్చినా."

నేను కొట్టేసిన వాక్యం గురించి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఈలోగా అక్క కొంగు సర్దుకుని చెప్పింది.

"ఆగలేదయ్యా. గాలి మళ్లినాక వస్తాది. కూసోండి, విందురు గాని."

ఆయన కుర్చీ వదిలి వంటింట్లో గోడకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఎండ వాలేదాకా మేం అక్కడే ఉన్నాం. ఆ కూర్చున్నంతసేపూ తన కథ కొద్దికొద్దిగా చెప్పాడు. ఆయన పుట్టింది ఆ తూర్పు గదిలోనే. అప్పటికి ఆ ఇంట్లో వాళ్లు అద్దెకుండేవాళ్లు. అమ్మానాన్నలు కలరాలో పోతే, పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి చేరిన సొంత అక్క ఆయన్ని పెంచింది. ఊళ్లో వాళ్ల కందులూ పెసలూ విసిరిపెట్టి పెంచింది. ఆయన వ్యాపారంలో నిలదొక్కుకుని ఈ ఇల్లంతా కొన్నాడు. నెల్లూరు రమ్మని ఎంత పిలిచినా ఆమె ఆ గది వదల్లేదు. మంచం పట్టిందని కబురు వచ్చినప్పుడు ఆయన మద్రాసులో ఉన్నాడు. వచ్చేసరికి ఊరివాళ్లే అన్నీ కానిచ్చేశారు. లోపలికి అడుగు పెట్టలేక, ఉన్నది ఉన్నట్టు తాళం వేసి పోయాడు. ఇల్లు బాగుచెయ్యాలంటే ఆ తలుపు తియ్యాలి. అందుకే మరమ్మతు గురించి గుమాస్తా ఏం చెప్పబోయినా వినేవాడు కాదట.

పెరట్లో ఆరేసిన బట్టలు ఒక్కసారిగా అటు తిరిగాయి. గాలి మళ్లింది. గోడ అవతల మొదలైంది. నిదానంగా, బరువుగా, ఆగి, మళ్లీ. ఆయన తల వంచుకున్నాడు. కళ్లు మూసుకోలేదు, కన్నీళ్లూ పెట్టుకోలేదు. చిన్నపిల్లలు పెద్దవాళ్ల ముందు కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"తిరగలే" అన్నాడు. చాలాసేపటికి, "ఆమె చెయ్యే" అన్నాడు.

మరుసటి వారం మేస్త్రీతో పాటు ఆయనా వచ్చాడు. తాళం తుప్పుపట్టి తెరుచుకోకపోతే గొళ్లెం ఊడగొట్టారు. గదిలో తడి మట్టి వాసన, గబ్బిలాల వాసన. ఒక నులకమంచం, దండెం మీద మసిపట్టిన తెల్లచీర ఒకటి, మూలన తిరగలి. తిరగలి పైరాయి తీసి గోడకు ఆనించి ఉంది. దుమ్ము దళసరిగా పేరుకుని ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నది చూడగానే తెలుస్తోంది. మేస్త్రీ పైకెక్కి చూశాడు. వాసాలు పుచ్చి దూలం మీంచి జారాయనీ, గాలి పెంకుల్ని లేపినప్పుడల్లా అవి గోడ తలమీద ఒరుసుకుంటున్నాయనీ చెప్పాడు. చేత్తో ఒక వాసాన్ని కదిపి చూపించాడు. అదే చప్పుడు. నేను యజమాని ముఖం చూడలేకపోయాను. ఆయన మాత్రం తల ఊపి, సరే, కానివ్వు అన్నాడు.

ముందు సరుగుడు కర్రలతో కప్పుకు ఊతం పెట్టారు. పెంకులు దించి, కొత్త వాసాలు వేశాక, గోడను మొదలంటా తీసేసి సున్నంతో కొత్తగా కట్టారు. అక్క ఆ రోజులన్నీ పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండింది. పని జరిగినన్నాళ్లూ యజమాని రోజూ పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. మంచాన్నీ చీరనూ ఏం చేశాడో నాకు తెలియదు. గది మాత్రం దర్జీ వాళ్లను వాడుకోమన్నాడు. దానికి వేరే అద్దె మాట లేదు. తిరగలి చూపించి అక్కతో, నీకు పనికొస్తే వాడుకో తల్లీ, లేకపోతే అట్టా ఉండనీ అన్నాడు.

వానలు మొదలయ్యాయి. గోడ చెమ్మ పట్టలేదు. దర్జీ తృప్తిగా నిద్రపోతున్నానని చెప్పాడు. నాకు మాత్రం మధ్యాహ్నాలు గడవడం కష్టమైపోయింది. గాలి మళ్లేది, బట్టలు అటు తిరిగేవి, తర్వాత ఏమీ ఉండేది కాదు. పుస్తకాలు దిద్దుతూ దిద్దుతూ కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయేదాన్ని. చప్పుడు ఉన్నప్పుడు వేసిన భయం కంటే ఆ లేకపోవడమే నాకు ఎక్కువ భయమేసేది. మా అమ్మ అడిగింది, ఆవిడ వెళ్లిపోయిందా అని. వాసాలు మార్చారమ్మా అన్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు గాలితో పాటు మళ్లీ వినపడింది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. తూర్పు గది తలుపు తీసే ఉంది. కిటికీ కింద ఒక కాలు చాపుకుని కూర్చుని, అక్క తిరగలిలో పెసలు పోసి విసురుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. ఎందుకక్కా, మిల్లులో ఆడించుకోవచ్చు గదా అన్నాను. బయట అరుగు వైపు కళ్లతోనే చూపించింది. నేను వచ్చిన హడావిడిలో చూసుకోలేదు. అరుగు మీద, గది గోడకు వీపు ఆనించి, గొడుగు పక్కన పెట్టుకుని ఇంటి యజమాని కూర్చుని ఉన్నాడు. లోపల విసిరేదెవరో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ మాట అనుకోలేదు. నేను వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన అలా వస్తూనే ఉన్నాడు. కబురు చెప్పి వచ్చేవాడు కాదు. ఒక్కోసారి టీ తాగేవాడు, ఒక్కోసారి అదీ లేదు. బస్సు వేళకు లేచి, వస్తా తల్లీ అని తలుపు వైపు చెప్పి పోయేవాడు. అది అక్కతో చెప్పాడో, మరెవరితో చెప్పాడో ఎవరం అడగలేదు. తర్వాత రావడం మానేశాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడని గుమాస్తా చెప్పాడు.

నాకు కావలి బదిలీ అయ్యేదాకా మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. అరుగు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో కూడా అక్క గిన్నెడు పెసలో కందులో పోసుకుని కూర్చునేది. ఆ పప్పంతా వాళ్లిద్దరికీ ఎక్కువై మాకూ ఇస్తుండేది. మా అమ్మ అది ఉడికిన కట్టుతో చారు పెట్టించుకుని, వేరే పప్పుకు ఈ రుచి రాదని చెప్పి తాగేది.